ఎక్కడికి పంపించేయమంది?

మార్చి నెలాఖరు. విజయవాడలో ఓ బ్యాంకులో పనిచేసే ఆవిడ మధ్యాహ్నం 1:35కి భర్తకి వాట్సాప్‌లో ఓ మెసేజ్ పెట్టింది. "పంపించేయండి. ఇంక నా వల్ల కాదు." ఐదే మాటలు. పెట్టి, ఫోను సొరుగులో పడేసి, కౌంటరు ముందున్న జనం వైపు తిరిగింది. సాయంత్రం ఏడున్నరకి ఇల్లు చేరేసరికి గుమ్మం పక్కన అత్తగారి బట్టల సంచి సర్ది ఉంది. మర్నాడు పొద్దున్నే బావగారు వచ్చి ఆవిణ్ణి ఊరికి తీసుకెళ్లిపోయే ఏర్పాటు కూడా అయిపోయింది.

ఈ కథలో పేర్లు అక్కర్లేదు. ఆయన మందుల కంపెనీ రిప్రజెంటేటివు. వారంలో మూడు రోజులు గుంటూరు, తెనాలి డాక్టర్ల గదుల బయట బెంచీల మీద గడుస్తాయి. ఆవిడకి మార్చి అంటే చెప్పనక్కర్లేదు, బ్యాంకుల్లో ఏడాది లెక్కలు మూసే నెల. ఆ హడావుడిలోనే తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి ఆయన తల్లి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకోవడానికి వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాతిదే అసలు పని. రోజుకి ఇన్నిసార్లని గంటల లెక్కన చుక్కలు వెయ్యాలి, వారానికోసారి ఆ లెక్క తగ్గిస్తూ రావాలి, మర్నాడొకసారి, వారానికొకసారి డాక్టరుకి చూపించాలి. గొడవ జరిగింది ఆ వారం చెకప్ రోజున.

ముందు మెసేజ్‌లు వరసగా చూద్దాం. వాళ్లు కొట్టింది ఇంగ్లీషు అక్షరాల్లోనే, చదవడానికి తేలిగ్గా ఉంటుందని తెలుగులో పెడుతున్నాను.

ఉదయం 11:52కి ఆయన: "అమ్మకి చెకప్ సాయంత్రం 4కి. నువ్వు పర్మిషన్ పెట్టి తీసుకెళ్తావా? లేకపోతే పక్కింటి పిన్నిగారితో ఆటోలో పంపించనా?"

12:40కి మళ్లీ ఆయనే: "అన్నయ్య ఫోన్ చేశాడు. అమ్మ ఇంకెన్నాళ్లుంటుంది, వచ్చి తీసుకెళ్లనా అంటున్నాడు. ఏం చెప్పను?"

12:41కి: "తిన్నావా?"

1:35కి ఆవిడ జవాబు, పైన చెప్పిందే.

1:48కి ఆయన: "సరే."

అంతే. ఈ ఐదు మెసేజ్‌లలో అబద్ధం లేదు, ఎత్తిపొడుపు లేదు. చెకప్‌కి పర్మిషన్ దొరకదు కాబట్టి అత్తయ్యని పిన్నిగారితో ఆటోలో పంపించేయమని ఆవిడ రాసింది. అత్తగారిని ఊరికి పంపించేయమంటోందని, ఇక చూసుకోవడం తన వల్ల కాదంటోందని ఆయన చదివాడు.

జవాబు ఏ ప్రశ్నకో తెలియకపోవడం ఇక్కడ మొదటి కారణం. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ప్రశ్న వెంటనే జవాబు వస్తుంది. రెండు ప్రశ్నలు ఒకేసారి అడిగినా జవాబు చెప్పేవాళ్లు "ఆటో సంగతా, ఆటోలోనే పంపించండి" అని ఏదో ఒక కొస పట్టుకుని మొదలుపెడతారు. మెసేజ్‌లో ఆ కొస తెగిపోతుంది. వాట్సాప్ తెరవగానే చదవని మెసేజ్‌లలో మొదటిది దగ్గర ఆగుతుంది కాబట్టి, ఆవిడ ఫోనులో ముందు కంటబడింది చెకప్ ప్రశ్న. బుర్రలో అదే నిలిచింది. జవాబు కొట్టబోతుండగా ఎవరో పాస్‌బుక్కు ముందుకి తోశారు, ఆ పని చూసి మళ్లీ కొట్టింది. రెండో మెసేజ్ చూసింది కానీ, 'అన్నయ్య ఫోను సంగతి రాత్రికి మాట్లాడుకోవచ్చులే' అనుకుని వదిలేసింది. ఆయన ఫోనులో మాత్రం ఆ జవాబు సరిగ్గా అన్నయ్య ప్రశ్న కిందికొచ్చి కూచుంది. నడుమ ఉన్నది "తిన్నావా?" ఒక్కటే. తిన్నావా అని అడిగితే పంపించేయండి అనరు కదా. కాబట్టి అది అన్నయ్య సంగతికే జవాబు అయ్యుండాలి.

పైగా మూడు మెసేజ్‌లకీ నీలం టిక్కులు పడి ఉన్నాయి. అన్నీ చదివే రాసిందని ఆయన లెక్క. నీలం టిక్కు చెప్పేది అవతలివాళ్లు మెసేజ్ తెరిచారని మాత్రమే. దాని మీద మనసు పెట్టారో లేదో అది చెప్పదు. అయినా మనం దాన్ని సాక్షిలా నిలబెడతాం.

రెండో కారణం మన మాట తీరులోనే ఉంది. తెలుగులో ఎవరు, ఎవరిని, ఎక్కడికి అన్నవి చెప్పకుండానే వాక్యం నిండుగా అనిపిస్తుంది. "పంపించేయండి" అంటే చాలు, ఎవరిని అన్నది ఎదుటివాళ్లకి తెలుసని నమ్మకం. ఆ 'పంపించేయ్' అన్న మాట కూడా రెండు వైపులా పోతుంది. పిల్లాణ్ణి బడికి పంపించేయ్ అంటే చప్పున పంపమని. పనిమనిషిని పంపించేయ్ అంటే మాన్పించమని. నోటితో అన్నప్పుడు గొంతు తేల్చేస్తుంది ఏది ఏమిటో. తెర మీద అక్షరాలకి గొంతు ఉండదు. చదివేవాళ్లు తమ దగ్గరున్న గొంతే పెట్టి చదువుకుంటారు.

ఆయన దగ్గర ఆ మధ్యాహ్నం ఏ గొంతు ఉంది? ముందు రోజు రాత్రిది. పడుకునే ముందు వెయ్యాల్సిన చుక్కలు ఆవిడ మర్చిపోయింది. "అది కూడా గుర్తుండదా?" అన్నాడాయన. "ఈ నెల గడిచేదాకా నన్నేమీ అడక్కండి" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది. పొద్దున ఇద్దరూ మామూలుగానే టిఫిను తిని వెళ్లారు. కానీ గుంటూరులో ఆసుపత్రి వరండాలో, ఇంకా పిలుపు రాని డాక్టరు గది ముందు ఆ మెసేజ్ తెరిచినప్పుడు ఆయనకి వినిపించింది రాత్రి అటు తిరిగిన గొంతే. 'ఇంక' అన్న చిన్న మాట ఆయనకి 'ఇన్నాళ్లూ భరించాను, ఇక చాలు' అని వినపడింది. ఆవిడ రాసిన 'ఇంక' వేరు. ఆ వారంలో అప్పటికే రెండుసార్లు మేనేజరు దగ్గర పర్మిషన్ తీసుకుంది, మూడోసారి అడిగే మొహం లేదు.

రాసినవాళ్లకి తమ గొంతు తమకి వినపడుతూనే ఉంటుంది, అది ఎదుటివాళ్లకీ వినపడుతుందనుకుంటారు. దీన్ని 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరికొందరు అమెరికా పరిశోధకులు ప్రయోగం పెట్టి చూశారు. కాలేజీ విద్యార్థులకి కొన్ని వాక్యాలిచ్చారు, కొన్ని మామూలువి, కొన్ని వెటకారంవి. వాటిని కొందరు ఈమెయిల్‌లో పంపారు, కొందరు నోటితో చెప్పారు. ఎన్ని సరిగ్గా అందుతాయని ముందే అడిగితే, పంపేవాళ్లు నూటికి 78 దాకా అన్నారు. నోటితో చెప్పినవి దాదాపు అంతే అందాయి. ఈమెయిల్‌లో పంపినవి మాత్రం 56. ఉన్న జవాబులు రెండే, వెటకారమా కాదా. కళ్లు మూసుకుని చెప్పినా 50 వస్తాయి. తమాషా ఏమిటంటే చదివినవాళ్లు కూడా తాము సరిగ్గానే పట్టుకున్నామని గట్టిగా నమ్మారు. అంటే రాసినవాళ్లకీ అనుమానం రాదు, చదివినవాళ్లకీ రాదు. అనుమానం వస్తే కదా ఇంకోసారి అడిగేది.

వాళ్లు కాలేజీ విద్యార్థులు కదా, పదేళ్లు కాపురం చేసినవాళ్ల సంగతి వేరు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. కానీ కెనెత్ సావిట్‌స్కీ, బోయజ్ కీసర్, ఎప్లీ, ఇంకొందరు కలిసి 2011లో ప్రచురించిన పరిశోధన దీనికి తలకిందులుగా ఉంది. భార్యాభర్తలని ఒకరి మొహం ఒకరికి కనపడకుండా కూచోబెట్టారు. ఇళ్లలో రోజూ అనుకునే, రెండు మూడు అర్థాలు వచ్చే మాటల్ని ఒకరిచేత చెప్పించి, రెండోవాళ్లు ఏ అర్థంలో తీసుకున్నారో చూశారు. అవే మాటలు ముక్కూమొహం తెలియనివాళ్ల నోట కూడా వినిపించారు. సొంత మనిషి మాటని కొత్తవాళ్ల మాట కన్నా మెరుగ్గా ఏమీ పట్టుకోలేకపోయారు. తేడా వచ్చింది ధీమాలో. భార్యకో భర్తకో చెబుతున్నప్పుడు 'నా మాట తనకి అర్థమైపోయింది' అన్న ధీమా చాలా ఎక్కువ ఉంది. కొత్తవాళ్లతో అయితే మనం ఒళ్లు దగ్గర పెట్టుకుని విడమరిచి చెబుతాం. ఇదే మెసేజ్ ఆవిడ బ్యాంకు మేనేజరుకి పంపాల్సి వస్తే "మా అత్తగారిని పక్కింటి ఆవిడతో ఆసుపత్రికి పంపిస్తున్నాం సార్, నాకు పర్మిషన్ అక్కర్లేదు" అని పూర్తిగా రాసి ఉండేది. మొగుడు కాబట్టి ఐదు మాటలు సరిపోయాయి.

ఆయన "సరే." కూడా ఏమంత అమాయకమైంది కాదు. ఆ చుక్కతో సహా దాని నిండా కోపమే. అడిగితే ఫోనులోనే గొడవవుతుందని, వరండాలో నలుగురి ముందు ఎందుకని, ఒక్క మాటతో తలుపు వేసేశాడు. ఆవిడ దాన్ని తన వైపు నుంచి చదివింది. సరే అన్నారు, పిన్నిగారికి చెప్పి ఉంటారు, ఆటో సంగతి తేలిపోయింది. నిశ్చింతగా పనిలో పడింది. ఆయనకేమో ఇంకో కష్టం తోడైంది: చెకప్ గురించి అడిగితే కనీసం జవాబు కూడా ఇవ్వలేదు! ఆ ఉక్రోషంలో పిన్నిగారికి ఫోను చెయ్యలేదు. అన్నయ్యకి మాత్రం చేశాడు. "పొద్దున్నే వచ్చి అమ్మని తీసుకుపో. ఇక్కడ కుదరట్లేదు." ఎందుకు కుదరట్లేదని అన్నయ్య అడిగితే "నువ్వే అర్థం చేసుకో" అన్నాడు. ఉమ్మడి బంధువులున్న ఇంట్లో ఇలాంటి మాట ఎంత దూరం పోతుందో మనకి తెలుసు. సాయంత్రానికల్లా తోడికోడలికి చేరింది.

ఇక రాత్రి జరిగిన గొడవ. ఆ సంచి చూసి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటండీ?"

"పొద్దున అన్నయ్య వస్తున్నాడు. అమ్మ వెళ్లిపోతోంది. పంపించేయమన్నావుగా?"

"అన్నాను. ఒక్కరోజు నా వల్ల కాలేదు. దానికే ఇంత రాద్ధాంతమా?"

"ఒక్కరోజా? మా అమ్మ ఈ ఇంట్లో ఉండటం నీకు ఒక్కరోజు విషయమా?"

పైకి ఇద్దరూ ఒకే సంగతి మాట్లాడుతున్నట్టే ఉంది. ఆయన అడిగాడు, ఆవిడ ఒప్పుకుంది. ఆయనకి అంతకన్నా రుజువు ఏం కావాలి? ఆవిడకి ఆ సంచి ఇంకోలా అర్థమైంది. ఆసుపత్రికి నేను తీసుకెళ్లలేదని, ఆ కసితో, నన్ను సాధించడానికి తల్లిని ఊరికి పంపేస్తున్నాడు. ఇలాంటి గొడవ సాగేది ఇలాగే. తప్పుగా అర్థమైన మాటని 'అవును అన్నాను' అని ఒప్పుకోవడంతో అది ఇంకా బిగుసుకుంటుంది. ఎవరో ఒకరు 'నేననలేదు' అని ఉంటే ఫోను తీసేవారు. ఇద్దరూ 'అన్నావు', 'అన్నాను' దగ్గరే కలిశారు కాబట్టి ఫోను తీయాల్సిన అవసరమే రాలేదు.

అక్కణ్ణుంచి సంగతి మెసేజ్ దాటిపోయింది. సంక్రాంతికి ఆవిడ తల్లి వచ్చినప్పుడు ఈయన టూరు పేరు చెప్పి నాలుగు రోజులు ఇంట్లో లేకపోవడం, ఆయన ప్రమోషను వదులుకోవడం, ఎవరి జీతం దేనికి పోతోందో, అన్నీ బయటికొచ్చాయి. అవన్నీ రాయడం దండగ. ప్రతి ఇంట్లో ఆ జాబితా తయారుగానే ఉంటుంది.

దారం దొరికింది అత్తగారి నోట. గదిలోంచి వచ్చి ఆవిడ కొడుకుని అడిగింది: "అది సరే గానీ ఒరేయ్, సాయంత్రం నన్ను ఆసుపత్రికి ఎవరూ తీసుకెళ్లలేదేంరా? నాలుగింటికని చీర మార్చుకుని కూచున్నాను."

"పిన్నిగారు రాలేదా అత్తయ్యా? ఆటోలో పంపించేయమని చెప్పానే!" అంది కోడలు.

"ఏ ఆటో?" అన్నాడాయన.

ఇక్కడితో గొడవ ఆగిపోయి ఉండాలి అనుకుంటాం. ఆగలేదు. ఒకటి రెండు నిమిషాలు ఇద్దరూ నోరు మెదపలేదు. తర్వాత మొదలైంది మొదటిదాని కన్నా గట్టిది. "అత్తయ్యని ఇంట్లోంచి పంపించేయమని నేను అంటానని ఎలా అనుకున్నారు మీరు?" ఆయన దగ్గర వెంటనే జవాబుంది: "రాత్రి నువ్వు మాట్లాడిన తీరు అలా ఉంది మరి." మాట పొరపాటున చదివారన్నది తేలిపోయింది. కానీ ఆ పొరపాటు అంత సులువుగా ఎలా నమ్మబుద్ధయింది అన్నది మిగిలింది. మెసేజ్ గొడవల్లో చాలామంది ఇక్కడే జారిపోతారు. "అయ్యో, నువ్వన్నది అదా! సరేలే" అని నవ్వేసి పడుకుంటారు. తనని అంత మాట అనగలిగే మనిషిగా ఊహించుకున్నారన్న బాధ మాత్రం లోపలే ఉండిపోతుంది. కొన్నాళ్లకి ఇంకో మెసేజ్ మీద పైకి లేస్తుంది.

ఆ రెండో గొడవ అప్పుడే తెగలేదు. ఆయన పాలప్యాకెట్ల కోసమని కిందికి వెళ్లాడు, ఆవిడ స్నానానికి వెళ్లింది. ఎవరూ కావాలని పెట్టుకున్న విరామం కాదు గానీ బాగా పనికొచ్చింది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ ఏళ్ల తరబడి భార్యాభర్తల గొడవలని వీడియో తీసి, గుండె కొట్టుకునే వేగం కొలుస్తూ చదివాడు. ఆ వేగం నిమిషానికి వంద దాటితే మనిషికి ఎదుటివాళ్లు చెప్పేది చెవికెక్కడం కష్టమని ఆయన గమనించాడు. ఓసారి పావుగంట గొడవపడ్డాక వాళ్లని ఆపి, పరికరాలు సరిచేసుకోవాలని సాకు చెప్పి, అరగంట సేపు ఆ సంగతి ఎత్తకుండా పత్రికలు చదువుకోమన్నారు. తిరిగి మొదలుపెట్టేసరికి గుండె వేగం తగ్గింది, మాటలూ మెత్తబడ్డాయి. కనీసం ఇరవై నిమిషాలు కావాలంటాడు గాట్‌మన్. అయితే ఆ ఇరవై నిమిషాలూ పాలు కొనుక్కుంటూ 'ఇదిగో పైకెళ్లాక ఇలా అంటాను' అని మాటలు పేర్చుకుంటూ ఉంటే ఆ విరామం లెక్కలోకి రాదు. ఆయన్ని కింద వాచ్‌మన్ నీళ్ల మోటారు గురించి ఆపాడట. అది మంచిదైంది.

భోజనాలయ్యాక ఇద్దరూ రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నారు. ఆవిడ బ్యాంకు మనిషి కదా, లెక్క తేడా వచ్చినప్పుడు ఒక్కో ఎంట్రీకి టిక్కు పెట్టుకుంటూ వెళ్లే అలవాటు. ఇక్కడా అదే చేసింది. 11:52 మెసేజ్ నేను ఎప్పుడు చూశాను, చూసినప్పుడు ఎదురుగా ఏముంది, ఏం అనుకున్నాను. ఆ తర్వాత ఆయన వంతు. 1:35 మెసేజ్ వచ్చినప్పుడు ఎక్కడున్నాను, ముందు ఏ మాట కంటబడింది, దాని తర్వాత బుర్రలో ఏం నడిచింది. నువ్వలా ఎందుకు రాశావ్, మీరలా ఎందుకు చదివారు అన్న ప్రశ్నలు కావాలనే పక్కన పెట్టారు. ఎందుకు అని అడగగానే ఎవరైనా తమని కాచుకోవడానికి చూస్తారు. ఎక్కడున్నారు, ఏం చూశారు అని అడిగితే జరిగింది చెబుతారు.

అలా వెళ్తుంటే చిన్నవి చాలా తేలాయి. ఆవిడ జవాబు కొట్టడం మొదలుపెట్టిన దానికీ పంపిన దానికీ నడుమ ఒక కస్టమరు వచ్చిపోయాడు. ఆయన ఆ మెసేజ్‌ని మొదట చూసింది వాట్సాప్ తెరిచి కాదు, లాక్ వేసి ఉన్న తెర మీద. అక్కడ ఆ ఒక్క మెసేజే ఉంటుంది, దాని పైన ఏం అడిగాడో ఉండదు. తెరిచి చూసేసరికే అర్థం కుదిరిపోయింది. ఆ తర్వాత పైనున్న ప్రశ్నలు చూసినా ఆ అర్థానికి సరిపోయేది మాత్రమే కనపడింది. ఫోను చెయ్యకపోవడానికి ఇద్దరికీ కారణాలున్నాయి. కౌంటరు మీద ఉండగా ఆవిడ ఫోను ఎత్తదని ఆయనకి తెలుసు. ఎత్తినా ఏం వినాల్సి వస్తుందోనని భయం కూడా ఉంది. చివరికి ఆ మాట ఒప్పుకున్నది ఆయనే: "నీతో గొడవ ఎందుకని 'సరే' పెట్టాను. అప్పుడే అడిగుంటే అయిపోయేది."

రాత్రి చుక్కల సంగతి కూడా అప్పుడే వచ్చింది. దాన్ని మెసేజ్‌లో కలపకుండా విడిగా తీసుకున్నారు. ఆయన ఊళ్లో లేని రోజుల్లో చుక్కలన్నీ ఆవిడ మీదే పడుతున్నాయి. ఆవిడ బ్యాంకులో ఉన్న వేళవి ఎవరు వెయ్యాలో అసలు ఎవరూ అనుకోలేదు. చూస్తే మధ్యాహ్నపు చుక్కలు పిన్నిగారు వేస్తోంది, ఎవరూ అడక్కుండానే, కొడుకూ కోడలూ ఇద్దరికీ తెలియకుండా.

రాత్రి పదిన్నరకి ఆయన అన్నయ్యకి ఫోను చేశాడు. ఆవిడ ఎదురుగా, స్పీకరు పెట్టి. "మధ్యాహ్నం నేను చెప్పింది తప్పు. తను అననేలేదు. నేనే మెసేజ్ తప్పుగా చదివాను. వదినకి కూడా చెప్పు." ఆ చివరి మాట చెప్పమని ఆవిడ అడగలేదు. కానీ అది లేకపోతే మిగతాదంతా వృథా అయ్యేది. ఇద్దరి మధ్య తేలిపోయిన పొరపాటు తోడికోడలి దగ్గర నిజంగా మిగిలిపోయి, ఏ పెళ్లిలోనో "మా అత్తగారిని పంపించేయమన్న మనిషేగా" అని బయటికొస్తుంది. అప్పటికి మెసేజ్ సంగతి గుర్తున్నవాళ్లు కూడా ఉండరు.

ఒకటి మాత్రం చెప్పాలి. ప్రతి గొడవనీ మెసేజ్ పొరపాటు కింద కొట్టేయడానికి లేదు. ఒక్కోసారి రాసినవాళ్లు నిజంగానే ఆ మాటే అంటారు, చదివినవాళ్లు సరిగ్గానే చదువుతారు. తేడా తెలుసుకోవడం మరీ కష్టమేం కాదు. పొరపాటైతే రాసినవాళ్లు చెప్పే అర్థానికి ఆధారం ఆ చాట్‌లోనే పైన ఎక్కడో కనపడుతుంది, ఇక్కడ 11:52 మెసేజ్ కనపడినట్టు. అలాంటిదేమీ లేకుండా "నా ఉద్దేశం అది కాదు" అనడమే ప్రతిసారీ జరుగుతుంటే, ఒకే సంగతి వారానికో కొత్త మెసేజ్ మీద లేస్తుంటే, అక్కడ ఫోనుని తిట్టి లాభం లేదు. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకోవడం వేరు, ఒకళ్ల ఫోను రెండోవాళ్లు లాక్కుని తనిఖీ చేయడం వేరు. రెండోది జరిగే ఇంట్లో ఈ పద్ధతి పనికిరాదు.

వీళ్లు ఆ తర్వాత మార్చుకున్నవి తక్కువే. రెండు ప్రశ్నలుంటే ఏ మెసేజ్‌కి జవాబిస్తున్నారో దాన్ని వేలితో కుడివైపుకి జరిపి, దాని కిందే కొడతారు. అప్పుడు పాత ప్రశ్న జవాబు పైన చిన్న గడిలో కనిపిస్తుంది, లాక్ తెర మీద అయోమయమైనా తెరిచాక ఉండదు. పొరపాటున పంపితే పావుగంట లోపల దిద్దుకునే వీలు కూడా వాట్సాప్‌లో 2023 నుంచి ఉంది. కానీ చదివేసినవాళ్ల మనసులో అది దిద్దబడదు కాబట్టి ఆవిడ దాన్ని పెద్దగా నమ్మదు. అమ్మల సంగతులు, డబ్బు సంగతులు మెసేజ్‌లో తేల్చకూడదని కూడా అనుకున్నారు. ఇది సగమే నిలబడింది. మే నెలలో స్కూలు ఫీజు సంగతి మళ్లీ మెసేజ్‌లోనే నడిచింది. కాకపోతే ఆయన "సరే." అనగానే ఆవిడ కౌంటరు వదిలి ఫోను చేసింది: "ఇది మామూలు సరేనా, ఆ రోజు సరేనా?"

మర్నాడు పొద్దున ఆయన ఓ గంట ఆలస్యంగా పనిలోకి వెళ్లి తల్లిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక రోజు ఆలస్యానికి నష్టమేం జరగలేదు, చుక్కలు కొన్ని తగ్గించారు. రావద్దని చెప్పినా అన్నయ్య వచ్చేశాడు, బయల్దేరాక చెప్పారట. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ కథంతా అత్తగారికి మొదటిసారి పూర్తిగా చెప్పారు. ఆవిడ విని కోడలి వైపు చూసి, "నేను మొదట్నుంచీ ఊరెళ్తాననే అంటున్నాను కదమ్మాయ్. గేదె ఈనే రోజులు. నన్ను ఎవరైనా అడిగారా?" అంది. చుక్కల వేళలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయించుకుని, నెల చెకప్‌కి వస్తానని చెప్పి, సర్దిన సంచి విప్పకుండానే పెద్దకొడుకుతో సాయంత్రం బస్సెక్కింది.